రెండు వారాలకోసారా, వారానికి రెండుసార్లా?



మన రైల్వే టైమ్‌టేబుల్లో కొన్ని రైళ్ల పేరు పక్కన బై-వీక్లీ అని ఉంటుంది. అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు అమ్మాయికి వచ్చే నియామక పత్రంలోనూ జీతం బై-వీక్లీ అని ఉంటుంది. మాట ఒకటే, అర్థాలు మాత్రం వేరు. రైలు వారంలో రెండు రోజులు నడుస్తుంది. జీతం రెండు వారాలకు ఒకసారి పడుతుంది. రైలుకు వాడిన అర్థాన్ని జీతానికి పట్టిస్తే నెలకు ఎనిమిది జీతాలు రావాలి. జీతానికి వాడిన అర్థాన్ని రైలుకు పట్టిస్తే ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద పదమూడు రోజులు కూర్చోవాలి.

ఇది చదివేవారి అజ్ఞానం కాదు. ఇంగ్లీషు నిఘంటువులే ఆ మాటకు రెండు అర్థాలూ ఇస్తాయి. బై అనే ఉపసర్గ రెండు అని చెప్పి ఊరుకుంటుంది. వారంలో రెండుసార్లా, రెండు వారాల్లో ఒకసారా అన్న సంగతి తేల్చదు. బై-మంత్లీ అన్నా అదే చిక్కు. నెలకు రెండుసార్లని ఒకరు అనుకుంటారు, రెండు నెలలకోసారని మరొకరు అనుకుంటారు. ఇద్దరికీ నిఘంటువు ఆధారం దొరుకుతుంది.

వాడుక తెలుగులో ఈ పేచీ పుట్టే వీలే లేదు. వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి. అంకె ఎక్కడ నిలబడిందన్నదే ఇక్కడ కీలకం. రెండు అనేది సార్లు పక్కన ఉంటే తరచుగా జరిగేది, వారాలు పక్కన ఉంటే ఎడం పెట్టి జరిగేది. చదువురాని వారు కూడా ఈ తేడాను తడుముకోకుండా పట్టుకుంటారు. ఇంకా తేలిక మాట కూడా ఉంది, వారం విడిచి వారం. కొన్నిచోట్ల వారం తప్పించి వారం అంటారు. రోజు విడిచి రోజు మాత్ర వేసుకోమని డాక్టరు చెబితే ఎవరూ మళ్లీ అడగరు. వారానికీ అదే పద్ధతి.

మాత్ర అన్నాం కాబట్టి ఒక మందు సంగతి. కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. పెద్దవారికి సాధారణంగా 40 మిల్లీగ్రాముల మోతాదు వారం విడిచి వారం ఇస్తారు. దీన్ని చీటీ మీద బై-వీక్లీ అని రాసి, ఇంట్లో వాళ్లు వారానికి రెండని అర్థం చేసుకుంటే ఏమవుతుంది? రెండు వారాల్లో ఒక్క సూది పడాల్సిన చోట నాలుగు పడతాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు అది, అంటురోగాలకు దారి తీస్తుంది. చీటీ మీద వారం విడిచి వారం, ప్రతిసారీ మంగళవారం అని రాసి, కింద మొదటి నాలుగు తేదీలు వేసిస్తే ఇంటివాళ్లు క్యాలెండర్ మీద నాలుగు సున్నాలు చుట్టుకుంటారు. మళ్లీ అడగాల్సిన పని ఉండదు.

పత్రికల వాళ్లు ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొన్నారు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వెలువడేది. అలాంటి పత్రికను అర్ధవారపత్రిక అనడం ఉంది. చక్కని మాట అది. అర్ధవారం అంటే అరవారం, అంటే అరవారానికి ఒక సంచిక. ఇందులో రెండో అర్థానికి చోటు లేదు. అదే పత్రికను ద్వైవార పత్రిక అంటే మాత్రం బై-వీక్లీలోని చిక్కే తెలుగులోకి దిగుతుంది. మాసపత్రికల సంగతి చూస్తే, రెండు నెలలకోసారి వచ్చేదాన్ని ద్వైమాసపత్రిక అని పిలవడం స్థిరపడింది కాబట్టి ద్వై అన్నచోట ఎడం అనే అర్థమే చెవికి అలవాటైంది. వారం దగ్గరకు వచ్చేసరికి ఆ అలవాటే దారి తప్పిస్తుంది. సంస్కృత సమాసం వేసినంత మాత్రాన మాట స్పష్టమైపోదు.

రిజర్వు బ్యాంకు ద్రవ్య పరపతి సమీక్ష ఇందుకు నిత్యం కనిపించే ఉదాహరణ. ఆర్థిక సంవత్సరంలో ఆరుసార్లు కమిటీ కూర్చుంటుంది. చట్టం ప్రకారం ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చుంటే చాలు, ఆచరణలో ఆరు. ఇంగ్లీషు పత్రికలు బై-మంత్లీ అంటాయి, తెలుగు పత్రికలు ద్వైమాసిక సమీక్ష అంటాయి. ఇంటి అప్పు కడుతున్న మనిషికి ఆ రెండు మాటలకన్నా పనికొచ్చే వాక్యం ఒకటుంది: రెండు నెలలకోసారి జరిగే సమీక్ష. ముఖ్యంగా రేడియోలో. చదివేవాడు కన్ను వెనక్కి తిప్పి మళ్లీ చూసుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు.

ఇక ఫోర్ట్‌నైట్. ఇది బై-వీక్లీ లాంటిది కాదు. ఇందులో అర్థం రెండుగా చీలలేదు, పొడవు దగ్గర వస్తుంది తగువు. ఇంగ్లీషులో దాని పుట్టుక పద్నాలుగు రాత్రులు అనే మాట. అంటే కచ్చితంగా రెండు వారాలు. మనవాళ్లు దాన్ని వెంటనే పక్షం అని, లేదా పదిహేను రోజులని అంటారు. పద్నాలుగూ పదిహేనూ ఎలా కలిశాయి? మనం మొదటి రోజునూ చివరి రోజునూ కలిపి లెక్కపెడతాం. ఈ సోమవారం ఒకటి అనుకుంటే రెండు వారాల తర్వాత వచ్చే సోమవారం పదిహేనోది. అందుకే పదిహేను రోజులకు రండి అని దుకాణదారుడు సోమవారం చెబితే మళ్లీ సోమవారం నాడే వెళతాం. మాటల్లో ఇది బాగానే సాగుతుంది. లెక్క కాగితం మీదికి ఎక్కితేనే బెడిసికొడుతుంది.

ఎందుకంటే పక్షానికి పంచాంగంలో సొంత కొలత ఉంది. శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా ఒక పక్షం, బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా మరొకటి. ఒక్కో పక్షానికి తిథులు పదిహేను. తిథి అంటే ఇరవై నాలుగు గంటల రోజు కాదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. చంద్రుడి వేగం ఒక్కలా ఉండదు కాబట్టి తిథి ఒకసారి ఇరవై గంటల లోపే ముగుస్తుంది, ఒకసారి ఇరవై ఆరు గంటల దాకా సాగుతుంది. పదిహేను తిథుల పక్షం సగటున పద్నాలుగు రోజుల పద్దెనిమిది గంటలు. మహాలయ పక్షంలో రెండు తిథులు ఒకే రోజున పడ్డాయని పురోహితుడు చెప్పడం అందరూ వినే ఉంటారు.

కాబట్టి పక్షం అన్న ఒక్క మాట కింద ఇప్పుడు మూడు లెక్కలు నడుస్తున్నాయి. రెండు వారాలకోసారి అంటే ఏడాదికి 26 సార్లు. నెలకు రెండుసార్లు అంటే ఏడాదికి 24. పంచాంగం పక్షాలు ఏడాదికి సుమారు 25. పక్షపత్రికకు చందా కట్టినవారికి 24 సంచికలే అందుతాయి, ఎందుకంటే అది నెలకు రెండుసార్లు అచ్చవుతుంది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైనప్పుడు అదీ పక్షపత్రికే, ఆ తర్వాత వారపత్రిక అయింది. పత్రికల వరకు పక్షం అంటే అరనెల అని పాఠకులకు తెలిసిపోయింది. బ్యాంకు కాగితంలోనో, ఉద్యోగ పత్రంలోనో, కూలి లెక్కలోనో అదే మాట పడితే ఏ లెక్కో అడిగి తెలుసుకోవాలి.

అడగాలనడానికి మన దేశ చట్టమే సాక్ష్యం. బ్యాంకులు తమ దగ్గరున్న డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాలి. అది సరిగా ఉంచారో లేదో ఫోర్ట్‌నైట్ సగటు తీసి చూస్తారు. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోని 42వ సెక్షన్‌లో ఆ మాటకు నిర్వచనం ఉంది. చాలా ఏళ్లపాటు ఆ నిర్వచనం ఇలా ఉండేది: శనివారంతో మొదలై, ఆ తర్వాత వచ్చే రెండో శుక్రవారంతో ముగిసేది. అంటే సరిగ్గా పద్నాలుగు రోజులు, నెలలతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా అలా దొర్లుతూ పోయేది. బ్యాంకు ఉద్యోగులకు రిపోర్టింగ్ ఫ్రైడే అనే మాట ఇలాగే అలవాటైంది.

2025లో పార్లమెంటు బ్యాంకింగ్ చట్టాల సవరణ చేసింది. కొత్త నిర్వచనంలో ఫోర్ట్‌నైట్ అంటే నెలలో 1 నుంచి 15 వరకు, లేదా 16 నుంచి నెలాఖరు వరకు. ఇప్పుడు పొడవు చూడండి. మొదటి సగం ఎప్పుడూ పదిహేను రోజులే. రెండో సగం మాత్రం ఏప్రిల్లో పదిహేను, మే నెలలో పదహారు, ఫిబ్రవరిలో పదమూడు, లీపు సంవత్సరమైతే పద్నాలుగు. పద్నాలుగు రాత్రులని పుట్టిన మాటకు చట్టంలో పదమూడు నుంచి పదహారు రోజుల దాకా పొడవు వచ్చింది. ఏడాదికి 26 ఉండేవి 24 అయ్యాయి. కొత్త నిర్వచనం తప్పని కాదు. నెలాఖరు లెక్కలతో బ్యాంకు నివేదికలు కలిసిరావడం మంచిదే. కానీ ఈ వార్తను తెలుగులో చెప్పేవారు పక్షం అని రాసి వదిలేస్తే పాతదేమిటో కొత్తదేమిటో పాఠకుడికి తెలియదు. పాతది రెండు వారాల గడువు, కొత్తది అరనెల గడువు అంటే మొత్తం మార్పు ఆ రెండు మాటల్లోనే కనిపిస్తుంది.

అరనెల అనే మాటను మన పత్రికలు ఎందుకు వదిలేశాయో గానీ, అది ఈ పనికి సరిగ్గా సరిపోయే మాట. అరపూట, అరరోజు, అరనెల జీతం అని జనం రోజూ అంటూనే ఉన్నారు. నెలను రెండుగా కోసిన ముక్క అని అది చెబుతుంది తప్ప, ఇన్ని రోజులని చెప్పదు. 16 నుంచి నెలాఖరు వరకు అనే అర్థానికి కావాల్సింది అదే.

అమెరికా జీతం దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ 26, 24 తేడా అక్కడ జేబుకు తగులుతుంది. ఏడాదికి 78,000 డాలర్ల జీతం అనుకుందాం. పన్నులు, కోతలు పక్కన పెడదాం. నెలకు రెండుసార్లు, అంటే 15వ తేదీన, నెలాఖరున ఇచ్చే సంస్థలో ఒక్కోసారి 3,250 డాలర్లు వస్తాయి. రెండు వారాలకోసారి శుక్రవారం ఇచ్చే సంస్థలో ఒక్కోసారి 3,000 డాలర్లే. ఆ రెండో పద్ధతిని నెలకు రెండుసార్లని పొరబడినవారు మూడు వేలను 24తో గుణించి 72,000 అని తేల్చుకుంటారు. ఆరు వేల డాలర్లు ఎవరో మింగేశారని అనుమానం పుడుతుంది.

ఆ ఆరు వేలు క్యాలెండర్లో ఉన్నాయి. 2026లో జనవరి 2 శుక్రవారం మొదటి జీతం పడిందనుకుంటే, తర్వాతవి 16న, 30న. జనవరిలో మూడు జీతాలు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలకు రెండేసి. జూలై వచ్చేసరికి 3న, 17న, 31న, మళ్లీ మూడు. ఆ తర్వాత డిసెంబర్ దాకా రెండేసి. మొత్తం 26. మిగతా పది నెలల్లో చేతికి వచ్చేది ఆరు వేలే కాబట్టి ఇంటి అద్దె, కారు కిస్తీ ఆరు వేల మీద లెక్క వేసుకోవాలి, ఆరున్నర వేల మీద కాదు. ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపేవారికి జనవరి, జూలై నెలల్లో వచ్చే ఆ మూడో జీతం సంగతి ముందే తెలిసి ఉంటే పెద్ద ఖర్చును అక్కడికి జరుపుకోవచ్చు. జీతం రెండు వారాలకోసారి శుక్రవారం పడుతుంది, ఏడాదికి ఇరవై ఆరు జీతాలు అని ఫోనులో చెబితే ఇంట్లో వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బై-వీక్లీ అని చెబితే కాదు.

ఇలాంటి తికమక మన దేశంలోనే, ప్రతి బ్యాంకు గుమ్మం ముందూ జరుగుతోంది. 2015 సెప్టెంబర్ 1 నుంచి బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. చాలామంది దీన్ని శనివారం విడిచి శనివారం సెలవు అనుకుంటారు. చాలా వారాలు అలాగే నడుస్తుంది కూడా. నెలలో ఐదో శనివారం వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది. 2026 మే నెలలో శనివారాలు 2, 9, 16, 23, 30 తేదీల్లో ఉన్నాయి. 9న, 23న సెలవు. 30న బ్యాంకు తెరిచే ఉంటుంది, జూన్ 6నా తెరిచే ఉంటుంది. మళ్లీ సెలవు జూన్ 13నే. రెండు సెలవుల మధ్య మూడు వారాలు. విడిచి విడిచి అనుకున్నవారు జూన్ 6న మూసి ఉంటుందని ఇంట్లో కూర్చుంటారు, తీరా 13న పనిమీద వెళ్లి తాళం చూసి వస్తారు.

అంటే గడువులు రెండు జాతులు. ఒకటి నెలకు కట్టుబడి ఉండేది: రెండో శనివారం, 15వ తేదీ, నెలాఖరు. రెండోది నెలతో పని లేకుండా దొర్లిపోయేది: వారం విడిచి వారం, రెండు వారాలకోసారి. ఇవి కొన్ని వారాలపాటు కలిసి నడిచి తర్వాత విడిపోతాయి. కలిసి నడిచినన్నాళ్లూ పొరపాటు బయటపడదు కాబట్టే అది ఇంతమందిని మోసం చేస్తుంది. అనుమానం ఉంటే ఐదు వారాలున్న నెలను తీసుకుని తేదీలు వేసి చూడాలి. అక్కడే తెలిసిపోతుంది.

క్వార్టర్లీ విషయంలో పొడవుకు తగువు లేదు. మూడు నెలలే. ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి అన్నదే ప్రశ్న. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి కంపెనీల మొదటి త్రైమాసికం ఏప్రిల్, మే, జూన్. జనవరి నుంచి మార్చి దాకా నాలుగోది. అమెరికాలో జనవరితో లెక్క మొదలుపెట్టే కంపెనీకి అదే జనవరి-మార్చి మొదటిది. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని రెండు దేశాలతో పనిచేసేవారికి మొదటి త్రైమాసికం అన్న మాట వినగానే ఎవరి మొదటిది అని అడగక తప్పదు. పల్లెటూరి బడి పిల్లలకైతే క్వార్టర్లీ పరీక్షలు జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి లెక్క. ఆసుపత్రిలో గర్భిణికి మొదటి త్రైమాసికం అంటే ఆ తల్లి గర్భం లెక్క, దానికి ఏ క్యాలెండరుతోనూ సంబంధం లేదు.

తెలుగు దినపత్రికల వాణిజ్య పేజీలు దీనికి చక్కని దారి కనిపెట్టాయి. మార్చితో ముగిసిన త్రైమాసికంలో కంపెనీ లాభం ఇంత అని రాస్తాయి. మార్చి అనే పేరు పడగానే జనవరి నుంచి మార్చి దాకా అని స్థిరపడిపోతుంది. ఒకటోదా నాలుగోదా అన్న ప్రశ్నే ఉండదు. ఎవరు మొదలుపెట్టారో గానీ, తెలుగు విలేకరుల రాతలో మెచ్చుకోదగిన అలవాట్లలో ఇదొకటి. త్రైమాసికం అన్న మాట కూడా బరువనిపిస్తే జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలల్లో అంటే సరి.

బీమా పాలసీ ఇందుకు భిన్నం. మే 10న మొదలైన పాలసీకి ప్రీమియం క్వార్టర్లీ అని ఉంటే, వాయిదాలు ఆగస్టు 10న, నవంబర్ 10న, ఫిబ్రవరి 10న పడతాయి. ఆర్థిక సంవత్సరపు త్రైమాసికాలు జూన్‌తో, సెప్టెంబర్‌తో ముగుస్తాయి కదా అని జూన్ నెలాఖరు దాకా ఆగి కడదామనుకున్నా, సెప్టెంబర్‌లో కడదామనుకున్నా లెక్క తప్పినట్టే. పాలసీ పుట్టిన రోజు నుంచి మూడు నెలలకోసారి అన్నదే ఇక్కడ సరైన మాట. ఏజెంటు మే 10తో కలిపి ఆ నాలుగు తేదీలు బాండు కవరు మీద రాసిస్తే మాటతోనే పని లేదు.

సంవత్సరాల దగ్గర కూడా ఇంగ్లీషులో రెండు మాటలు అచ్చం ఒకేలా వినిపిస్తాయి. బైయాన్యువల్ అంటే సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, బైయెనియల్ అంటే రెండేళ్లకోసారి. రాజ్యసభ సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, మూడింట ఒక వంతు మంది రెండేళ్లకోసారి దిగిపోతారు. ఆ ఎన్నికలనే పత్రికలు ద్వైవార్షిక ఎన్నికలు అంటాయి. శాసనమండలికీ అదే తీరు. రెండేళ్లకోసారి వచ్చే ఎన్నికలు అన్నా శీర్షికలో చోటు సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చేదాన్ని అర్ధవార్షికం అంటాం, ఆరు నెలలకోసారి అన్నా అంతే. మున్సిపాలిటీ ఆస్తిపన్నును అర్ధ సంవత్సరం లెక్కన కట్టేవారికి ఇది అలవాటైన మాటే.

ఇవన్నీ కలిసే చోటు చిన్న నోటీసు. అపార్టుమెంటు సంఘం బై-మంత్లీ సమావేశం, సభ్యులందరూ హాజరు కావాలి అని లిఫ్టు పక్కన అంటించిందనుకుందాం. కొందరు నెలకు రెండుసార్లు ఎవరొస్తారని విసుక్కుంటారు, కొందరు రెండు నెలల తర్వాత చూద్దామనుకుంటారు. దాన్ని ఇలా మార్చవచ్చు: సంఘం సమావేశం రెండు నెలలకోసారి, ఆ నెల రెండో ఆదివారం ఉదయం పదింటికి. 2026లో జూన్ 14, ఆగస్టు 9, అక్టోబర్ 11, డిసెంబర్ 13. ఎంత ఎడం, ఏ రోజు, ఏ తేదీలు అన్న మూడూ అందులో ఉన్నాయి. నోటీసు రాసేవారు తేదీలు వేస్తున్నప్పుడే, అక్టోబర్ 11 తర్వాత వచ్చేది నవంబర్‌లో కాదు డిసెంబర్‌లో అని తమకు తామే సరిచూసుకుంటారు. ఏ తేదీ అయినా పండగ మీద పడితే ఓ వారం ముందుకో వెనక్కో జరుపుకోవడానికి గడువూ మిగులుతుంది.